బంతి బరువు పడేటప్పుడు కాదు, లేచేటప్పుడు తెలుస్తుంది

కంప్యూటర్ యానిమేషన్లో బౌన్సింగ్ బాల్ మొదటిసారి చేసినప్పుడు నేను ఏకంగా ఇనప గుండే చేద్దామని కూర్చున్నా. బరువైంది కదా గబుక్కున పడాలి అనుకుని స్క్రీన్ పై నుంచి నేల దాకా 6 ఫ్రేముల్లో దింపేశా, నలుపు రంగు, మెరుపు, నీడ అన్నీ పెట్టా, నాకైతే అదిరిపోయింది అనిపించింది. మా బామ్మర్ది వెనకాల నుంచి టీ తాగుతూ చూసి "ఏటి బావా, గోళీకాయ పడేసినట్టుంది" అన్నాడు. ఒళ్లు మండింది గానీ తర్వాత లెక్క వేస్తే వాడు చెప్పిందే కరెక్ట్, అది నిజంగా గోళీయే.

ఎందుకో చెప్తా, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది. గాలి సంగతి పక్కన పెడితే ఏ వస్తువైనా ఒకే రకంగా పడుతుంది, ఇనప గుండైనా టెన్నిస్ బంతైనా. అర సెకనులో సుమారు 1.2 మీటర్లు పడుతుంది, పావు సెకనులో పడేది దాదాపు 30 సెంటీమీటర్లే. నేను ఇచ్చిన 6 ఫ్రేములంటే, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పావు సెకను. అంటే చూసేవాళ్ల కన్ను ఆ స్క్రీన్ మొత్తం ఎత్తుని ఒక జానెడున్నర అని చదువుకుంది, ఆ జానెడున్నరలో నా బంతి సైజు 3 సెంటీమీటర్లకి వచ్చింది. గోళీ కాక ఇంకేంటి. పడే టైము తగ్గిస్తే బరువు పెరగదు, సీన్ మొత్తం చిన్నదైపోతుంది. పడే టైము సైజు చెప్తుంది, బరువు చెప్పేది వేరే చోట ఉంది.

ముందు నిజం బంతిని చూడండి

కంప్యూటర్ ముట్టుకోకముందు ఒక అరగంట దీనికి పెట్టండి. ఫోన్లో స్లో మోషన్ ఉంటే 240 ఫ్రేముల్లో తీయండి, అందులో ప్రతి 10 ఫ్రేములు మన యానిమేషన్లో 1 ఫ్రేము, లెక్క తేలిక. ఫోన్‌ని నేల మీద ఏదైనా ఆనించి కదలకుండా పెట్టి పక్క నుంచి తీయాలి, చేత్తో పట్టుకుని తీస్తే కొలవడానికి పనికిరాదు. ఛాతీ ఎత్తు నుంచి ఒక టెన్నిస్ బంతి వదలండి, తర్వాత షాట్‌పుట్ గుండు దొరికితే అది. నేను మేము అద్దెకుండే ఇంటి డాబా మీద చేసి ఓనర్ ఆంటీతో వారం రోజులు తిట్లు తిన్నా, మగవాళ్ల షాట్‌పుట్ 7.26 కిలోలుంటుంది, పెంకు లేచిపోయింది. మీరు గ్రౌండ్‌లో సిమెంటు గచ్చు మీద చేసుకోండి.

అదే గుండుని ఆర్కే బీచ్‌కి పట్టుకెళ్లి ఇసకలో కూడా వదిలి చూశా. అస్సలు లేవలేదు, దబ్ మని కూరుకుపోయింది. కాబట్టి బౌన్స్ అనేది బంతి ఒక్కదాని గుణం కాదు, నేలదీ సగం వాటా. మీ సీన్లో నేల ఏంటో ముందే అనుకోండి, ఇక్కడ మనం సిమెంటు గచ్చు అనుకుందాం. ఇంకో సంగతి, బీచ్‌లో పిల్లలాడే పల్చటి ప్లాస్టిక్ బంతి గాలిలో ఉండగానే సముద్రం గాలికి పక్కకి వంగిపోతుంది, గుండు మాత్రం గాలిని లెక్కే చేయదు, వేసిన దారిలోనే పోతుంది. ఇది ఆర్క్‌ల దగ్గర, అంటే బంతి గాల్లో వెళ్లే వంపు దారి గీసేటప్పుడు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఫ్రేములు లెక్కపెట్టడం, అదే టైమింగ్

పడటానికి 12 ఫ్రేములు తీసుకుందాం, అంటే అర సెకను, అంటే 1.2 మీటర్ల ఎత్తు. స్క్రీన్ మీద ఆ ఎత్తు 720 పిక్సెల్స్ అనుకుంటే షాట్‌పుట్ గుండు సైజు సుమారు 70 పిక్సెల్స్ వస్తుంది, నిజం గుండు 11 నుంచి 13 సెంటీమీటర్లుంటుంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు 12 ఎందుకు తీసుకున్నానంటే 12 ఇంటూ 12 అంటే 144. పై నుంచి నేల దాకా ఎత్తుని 144 మెట్లు అనుకోండి, ఒక్కో మెట్టు 5 పిక్సెల్స్. పై నుంచి వదిలిన తర్వాత ఎన్నో ఫ్రేములో ఉంటే ఆ నంబరు ఇంటూ అదే నంబరు, అన్ని మెట్లు దిగి ఉంటుంది. 1వ ఫ్రేముకి 1 మెట్టు, 2కి 4, 3కి 9, 6కి 36, 12కి 144. ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు, ఫిజిక్స్ పుస్తకం అక్కర్లేదు.

గమ్మత్తేంటంటే లేచేటప్పుడు కూడా ఇదే లెక్క తిరగేసి. ఒక బౌన్స్ పైకి వెళ్లడానికి 5 ఫ్రేములు పడితే అది 25 మెట్లే లేస్తుంది, దిగడానికి మళ్లీ 5 ఫ్రేములు. 9 ఫ్రేములు పడితే 81 మెట్లు. ఎత్తు ఒకటి, టైము ఒకటి విడివిడిగా మీ ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు, ఒకటి అనుకుంటే రెండోది దానంతట అదే వచ్చేస్తుంది. చాలామంది బౌన్స్ ఎత్తు తగ్గిస్తారు గానీ టైము అలాగే ఉంచేస్తారు, అప్పుడు రెండో బౌన్స్ చంద్రుడి మీద ఎగిరినట్టు నిదానంగా ఉంటుంది. బంతి మొదట విశాఖపట్నంలో పడి తర్వాత చంద్రమండలంలో లేచినట్టు.

మరి గుండు ఎంత లేవాలి? పోలికకి టెన్నిస్ బంతిని పెట్టుకుందాం. టెన్నిస్ రూల్స్ ప్రకారం మామూలు బంతిని 254 సెంటీమీటర్ల నుంచి కాంక్రీటు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. మన 144 మెట్లలో అది 81 మెట్లకి దగ్గర, అంటే 9 ఫ్రేములు. ఆ తర్వాత 7, తర్వాత 5, 4, 3, అలా చాలాసేపు టకటకమంటూనే ఉంటుంది. మన గుండుకి 12 తర్వాత 5, తర్వాత 2, అంతే, ఇక దొర్లుడే. ఎత్తుల్లో చెప్పాలంటే 144, 25, 4. ఈ 5 అనేది నేను కంటికి నచ్చి పెట్టుకున్న నంబరు, 4 పెట్టినా తప్పు కాదు, 6 దాటితే మాత్రం రబ్బరు వాసన మొదలవుతుంది.

మధ్యలో ఖాళీలు, అదే స్పేసింగ్

పడేటప్పుడు ఒక ఫ్రేముకి ఇంకో ఫ్రేముకి మధ్య ఖాళీలు చూస్తే 1, 3, 5, 7, 9 అలా బేసి సంఖ్యలుగా పెరుగుతూ చివరిది 23 మెట్లు వస్తుంది. అంటే పైన బంతి బద్ధకంగా కదిలి, నేలని తాకే ముందు అన్నిటికంటే పెద్ద గెంతు వేస్తుంది. తాకాక లేచేటప్పుడు గుండుకి ఖాళీలు 9, 7, 5, 3, 1.

ఇక్కడ ఆగండి. తాకకముందు ఖాళీ 23, తాకిన వెంటనే ఖాళీ 9. పిక్సెల్స్‌లో 115 నుంచి ఒక్కసారిగా 45. టెన్నిస్ బంతికి ఇదే చోట 23 నుంచి 17, అంటే 115 నుంచి 85. గుండు బరువు మొత్తం ఆ 23కి 9కి మధ్య తేడాలోనే ఉంది. రెండు బంతులూ పడేటప్పుడు ఒకేలా ఉన్నాయి, ఒక్క మెట్టు కూడా తేడా లేదు, నేలని తాకిన మరుసటి ఫ్రేములోనే ఏది ఏదో కన్ను పట్టేస్తుంది. స్పీడంతా ఎక్కడికో పోయింది, నేల మింగేసింది అనిపిస్తుంది, ఆ మింగేయడాన్నే మనం బరువు అనుకుంటాం.

కాబట్టి నేలని తాకే ఫ్రేము తప్పనిసరిగా ఉండాలి, బంతి కింది అంచు సరిగ్గా నేల మీద కూర్చున్న ఫ్రేము. అది రెండు ఫ్రేముల మధ్యలో పడిపోతే బంతి నేలని తాకకుండానే గాల్లో వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు. కొంతమంది గుండుకి ఆ తాకిన ఫ్రేముని ఇంకొక్క ఫ్రేము ఎక్కువ ఉంచుతారు, అది బాగానే పని చేస్తుంది, రెండు ఉంచితే మాత్రం జిగురు నేల అయిపోతుంది.

ఈజింగ్‌లో అందరూ జారిపడే చోటు

ఫలానా ఫ్రేములో బంతి ఫలానా చోట ఉండాలని మనం పెట్టే గుర్తు కీ, రెండు కీల మధ్య బంతి ఎలా కదలాలో చూపే గీత కర్వ్, ఆ కదలికలో వేగం పెంచడం తగ్గించడమే ఈజింగ్. Blender లాంటి సాఫ్ట్‌వేర్ దానంతట అది ఇచ్చే కర్వ్ ప్రతి కీ దగ్గరా మెత్తగా ఉంటుంది, అంటే ప్రతి కీ దగ్గరికొచ్చేసరికి స్పీడు తగ్గిస్తుంది. పైన అది కరెక్టే, శిఖరం దగ్గర బంతి నెమ్మదించాలి. నేల దగ్గర మాత్రం అది సర్వనాశనం, ఎందుకంటే ఎక్కడ 23 ఉండాలో అక్కడ రెండో మూడో వచ్చి కూర్చుంటుంది, గుండు కాస్తా బెలూన్ అయిపోతుంది. కర్వ్ చూస్తే పైన కొండలా గుండ్రంగా, కింద V లా కోసుగా ఉండాలి. కింద U లా కనిపించిందంటే తప్పే.

ఇంకో తలనొప్పి పేర్లతో. Blender లో Ease In అంటే నెమ్మదిగా మొదలై వేగం అందుకోవడం. After Effects లో Easy Ease In అంటే ఆ కీ దగ్గరికి వచ్చేటప్పుడు నెమ్మదించడం, పూర్తిగా తిరగబడిన అర్థం. ఒక దాంట్లో నేర్చుకుని ఇంకో దాంట్లో చేస్తే తలకిందులవుతుంది, నేను అయ్యాను కూడా. పేరుని నమ్మకండి, కర్వ్ ఆకారాన్ని చూడండి.

Blender లో చేద్దాం

ఫ్రేమ్ రేటు 24 పెట్టండి. బంతి వ్యాసం 0.7, అంటే మన 100 పిక్సెల్స్‌ని 1 యూనిట్ అనుకుంటున్నాం. నేల ప్లేన్‌ని Z లో -0.35 దగ్గర పెట్టేయండి, అప్పుడు బంతి Z విలువ 0 అయినప్పుడల్లా సరిగ్గా నేలని తాకినట్టే, సగం సైజు కలపడం తీసేయడం గోల ఉండదు. తర్వాత కీలు ఇలా, Z అంటే ఎత్తు, X అంటే పక్కకి జరిగే దూరం:

```
Frame   Z      X
1       7.2    0
13      0      1.44
18      1.25   -
23      0      2.34
25      0.2    -
27      0      2.62
67      0      4.02
```

గీత ఉన్న చోట X కి కీ పెట్టొద్దు, అదెందుకో ఆర్క్ దగ్గర చెప్తా. లొకేషన్ మొత్తానికి కలిపి కీ పెడితే X, Y, Z మూడింటికీ కీలు పడిపోతాయి కాబట్టి Graph Editor లో ఆ రెండు X కీలని తీసేయండి.

ఇప్పుడు Z కర్వ్ ఒక్కటే సెలెక్ట్ చేసి T నొక్కి Quadratic ఎంచుకోండి. ఇది సరిగ్గా మన నంబరు ఇంటూ నంబరు లెక్కే, ఊరికే దగ్గరగా ఉండేది కాదు. తర్వాత Ctrl+E తో, 1, 18, 25 ఫ్రేముల కీలకి Ease In, ఎందుకంటే అక్కడి నుంచి పడుతుంది, 13, 23 ఫ్రేముల కీలకి Ease Out, ఎందుకంటే అక్కడి నుంచి లేస్తుంది. ఒక కీకి పెట్టింది దాని తర్వాత వచ్చే ముక్కకి వర్తిస్తుంది, ముందు ముక్కకి కాదు, ఇది మర్చిపోతే కొండలు గుంటలు తారుమారవుతాయి. అదే లిస్టులో Bounce అని ఒకటి కనపడి ఊరిస్తుంది, దాని జోలికి పోకండి, అది ప్రతిసారీ ఎత్తుని నాలుగో వంతుకి తగ్గిస్తుంది, ఆ వంతుని మనం మార్చలేం, గుండుకీ బంతికీ ఒకటే బౌన్స్.

ఒక్కో ఫ్రేమూ కదిపి చూసుకోండి, 7వ ఫ్రేములో Z 5.4 ఉండాలి. ఎందుకంటే 6 ఫ్రేములు గడిచాయి, 36 మెట్లు దిగింది, 36 అంటే 1.8. అక్కడ 3.6 కనిపిస్తే సగం టైముకి సగం ఎత్తు దిగిందన్నమాట, అంటే Linear గానో పాత మెత్తటి కర్వ్‌తోనో ఉండిపోయింది.

ఆర్క్‌లు

ఆర్క్‌ని చేత్తో గీయక్కర్లేదు, Z అలా ఉండి X సమానంగా నడిస్తే ఆర్క్ దానంతట అదే పుడుతుంది. గాల్లో ఉన్నంతసేపు గుండుని పక్కకి తోసేవాళ్లు గానీ ఆపేవాళ్లు గానీ లేరు, కాబట్టి X కర్వ్ నేల నుంచి నేల దాకా తిన్నని గీత. అందుకే శిఖరం దగ్గర X కీ వద్దన్నా, అక్కడ కీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని కదుపుతారు, ఆర్క్ ఒక పక్కకి ఒరిగిపోతుంది, అప్పుడది గాలికి కొట్టుకుపోయే ప్లాస్టిక్ బంతి.

స్పీడు మారేది తాకిన చోటే, రాపిడి వల్ల. మన టేబుల్లో మొదట ఫ్రేముకి 12 పిక్సెల్స్, మొదటి దెబ్బ తర్వాత 9, రెండో దెబ్బ తర్వాత 7. X కర్వ్ మొత్తానికి T నొక్కి Linear పెట్టండి, 27వ ఫ్రేము కీకి మాత్రం Quadratic, Ease Out. అక్కడి నుంచి 40 ఫ్రేముల్లో 140 పిక్సెల్స్ దొర్లి ఆగుతుంది. ఈ 140 ఊరికే పెట్టింది కాదు, ఇలా సమానంగా నెమ్మదించేటప్పుడు మొదటి స్పీడు ఎప్పుడూ సగటు స్పీడుకి రెట్టింపు ఉంటుంది, 140ని 40తో భాగిస్తే 3.5, దాని రెట్టింపు 7, బౌన్స్ నుంచి వచ్చిన స్పీడు కూడా 7. రెండూ కలవకపోతే దొర్లుడు మొదలయ్యే చోట ఎవరో కాలితో తన్నినట్టో, బ్రేకు వేసినట్టో ఒక కుదుపు కనిపిస్తుంది. దూరం మార్చాలనుకుంటే ఫ్రేములు కూడా అదే పాళ్లలో మార్చండి.

దొర్లడం తెలియాలంటే బంతి మీద ఒక తెల్ల గీత వేయండి. 70 పిక్సెల్స్ బంతి ఒక చుట్టు తిరిగితే సుమారు 220 పిక్సెల్స్ పోతుంది, మనది 140 పోతోంది, అంటే 229 డిగ్రీలు. Y రొటేషన్ 13వ ఫ్రేములో 0, 27లో 160, 67లో 389, చివరి ముక్కకి మళ్లీ Quadratic, Ease Out, ముందు ముక్క Linear. ఇది తప్పితే గుండు దొర్లకుండా ఐసు మీద జారుతుంది, బరువంతా అక్కడే పోతుంది.

అయ్యాక Object Properties లో Motion Paths దగ్గర Calculate నొక్కి దారి చూడండి. మొదటిది పొడుగ్గా సగం ఆర్క్, రెండోది 125 ఎత్తు 90 వెడల్పు, మూడోది 20 ఎత్తు 28 వెడల్పు, నేలకి అంటుకుపోయినట్టు చిన్న గుబ్బ. చుక్కలు శిఖరం దగ్గర గుంపుగా, నేల దగ్గర చెదురుగా ఉన్నాయంటే ఓకే.

ఇంకా బరువు రాకపోతే

మొదట చూడాల్సింది స్క్వాష్ పెట్టారా అని. ఇనుము నొక్కుకోదు, రెండు ఫ్రేములు చపాతీలా చేస్తే ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా రబ్బరే. బంతి మారకూడదు, చుట్టూ ఉన్నది మారాలి, 13వ ఫ్రేములో కాస్త దుమ్ము, పక్కన పెట్టిన స్టీలు గ్లాసు ఒక 3, 4 పిక్సెల్స్ ఎగిరి కూర్చోవడం. కెమెరా షేక్ కూడా పెట్టొచ్చు గానీ నాకైతే గ్లాసే ఇష్టం.

రెండోది, నేల దగ్గర బంతి టకటక మెరిసినట్టు రెండుగా కనిపిస్తుంది. మన చివరి ఖాళీ 115 పిక్సెల్స్, బంతి 70 మాత్రమే, అంటే ముందు ఫ్రేము బంతికి తర్వాత ఫ్రేము బంతికి అసలు తాకిడే లేదు, కన్ను వాటిని కలపలేకపోతుంది. మామూలుగా అయితే అక్కడ బంతిని సాగదీస్తారు, ఇనుముకి అది కుదరదు కాబట్టి మోషన్ బ్లర్ ఆన్ చేసి షట్టర్ 0.5 పెట్టండి, 13వ ఫ్రేములో బ్లర్ బంతిని నేలలోకి తోసినట్టు కనిపిస్తే షట్టర్ తగ్గించండి.

మూడోది నన్ను బాగా ఏడిపించింది. అంతా అయిపోయాక ఫోన్లో పెట్టుకోవడానికి ఫ్రేమ్ రేటు 30కి మార్చి రెండర్ కొట్టా, కీలు మాత్రం అక్కడే ఉన్నాయి. 12 ఫ్రేములు అర సెకను కాస్తా 0.4 సెకన్లయింది, అంత టైములో పడే ఎత్తు 78 సెంటీమీటర్లే, గుండు చిక్కిపోయింది. 30 కావాలంటే మొదటే 15 ఫ్రేముల పడుడు తీసుకుని 15, 6, 2 అని లెక్క మళ్లీ వేసుకోవాలి, ఎత్తులు కూడా ఈసారి 225, 36, 4 మెట్లు, అదే 720 పిక్సెల్స్‌ని 225తో భాగించి ఒక్కో మెట్టు 3.2.

చివరికి 24లోనే ఇచ్చి బామ్మర్దికి మళ్లీ చూపించా. ఈసారి గోళీ అనలేదు, "గచ్చు ఏమైంది బావా" అన్నాడు.